ఏ బాధా లేదు, కానీ యూరిన్ కల్చర్‌లో బ్యాక్టీరియా వచ్చింది: 15వ వారంలో మందు వాడాలా?

డిండివాగు

సభ్యులందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. నా భార్యకు ఇది తొలి చూలు, ఇప్పుడు 15వ వారం నడుస్తోంది. నల్లగొండలో మేము చూపించుకునే డాక్టరమ్మ మొదటిసారి వెళ్ళినప్పుడే రక్త పరీక్షలతోపాటు మూత్రానికి రెండు పరీక్షలు రాశారు. ఒకటి అందరికీ చేసే సీయూఈ, రెండోది కల్చర్. సీయూఈ రిపోర్టు ఆ సాయంత్రమే చేతికిచ్చారు. అందులో చీము కణాలు రెండు మూడు మాత్రమే ఉన్నాయని, అల్బుమిన్, చక్కెర, నైట్రైట్ ఏవీ లేవని ఉంది. అంతా బాగుందనుకొని ఊరికి వచ్చేశాము. మూడో రోజు ఫోనుకు వచ్చిన కల్చర్ రిపోర్టులో మాత్రం ఈ.కొలై మిల్లీలీటరుకు లక్షకు పైగా ఉన్నదని రాశారు.

కింద మందుల పట్టీ ఉంది. ఆంపిసిలిన్, సిప్రోఫ్లాక్సాసిన్, కోట్రైమాక్సజోల్, సెఫురాక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ ఎదురుగా ఆర్, అంటే క్రిమి లొంగదని, నైట్రోఫ్యూరంటోయిన్, ఫాస్ఫోమైసిన్, అమికాసిన్, మెరోపెనెమ్ ఎదురుగా ఎస్, అంటే లొంగుతుందని ఉంది. డాక్టరమ్మ ఫోనులోనే నైట్రోఫ్యూరంటోయిన్ 100 మిల్లీగ్రాములు, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, భోజనం చేశాక, 7 రోజులు వాడమన్నారు. మందుల దుకాణంలో దానికి తోడుగా మూత్రం మంటకు వాడే సిట్రేట్ సిరప్ కూడా ఇచ్చారు.

ఇంట్లో మా అమ్మ ఒప్పుకోవడం లేదు. "మంట లేదు, మన్ను లేదు, జరం లేదు, కడుపుతోని ఉన్న పిల్లకు గీ గోలీలెందుకురా" అంటోంది. ఊళ్ళో ఆర్‌ఎంపీని అడిగితే నార్‌ఫ్లాక్సాసిన్ మూడు రోజులు వేస్తే చాలునని అన్నాడు. గోలీలు తెచ్చి రెండు రోజులైంది, ఇంకా మొదలుపెట్టలేదు. తెలిసినవారు చెప్పగలరు.

బత్తాయితోట

తమ్ముడూ, మీ అమ్మగారి మాటలో న్యాయముంది. మన నల్లగొండ నీళ్ళ సంగతి నీకు తెలియనిది కాదు. తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన ప్రాంతం మనది, దాని ప్రభావం మూత్రపిండాల మీద లేకుండా పోదు. దానికితోడు ఎండాకాలం. బార్లీ నీళ్ళు, మజ్జిగ బాగా తాగించి, ఆ సిరప్ పోయిస్తే మూత్రం శుభ్రపడుతుంది. కల్చర్ రిపోర్టులను కూడా గుడ్డిగా నమ్మవద్దు. నమూనా సరిగా పట్టకపోతే చర్మం మీది క్రిములు కూడా అందులో పెరుగుతాయి. మా కోడలికి అలాగే తప్పుడు రిపోర్టు వచ్చింది, రెండోసారి చేయిస్తే ఏమీ లేదన్నారు.

సూక్ష్మదర్శిని

నేను మహబూబ్‌నగర్‌లో మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. బత్తాయితోట గారు చెప్పిన వాటిలో నమూనా సంగతి నిజం, అందువల్ల అక్కడినుంచే మొదలుపెడతాను. ఫ్లోరైడ్ వల్ల పళ్ళు, ఎముకలు దెబ్బతినడం మన జిల్లా కళ్ళారా చూసింది. కానీ మూత్రంలో ఈ.కొలై చేరడానికి తాగునీటిలోని ఫ్లోరైడ్‌కు సంబంధం లేదు. ఆ క్రిమి మన పేగుల్లోనే ఉంటుంది. మలద్వారం నుంచి మూత్రమార్గానికి దూరం స్త్రీలలో చాలా తక్కువ కాబట్టి అక్కడినుంచే పైకి ఎక్కుతుంది.

కల్చర్‌లో మేము చేసే పని ఇది. కొలత తెలిసిన సన్నని తీగ చుట్టతో ఒక మిల్లీలీటరులో వెయ్యో వంతు మూత్రాన్ని తీసి పళ్ళెంలోని ఆహారపు పొర మీద గీసి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతాము. తెల్లవారి చూసినప్పుడు వంద చుక్కలు లేచి ఉంటే మిల్లీలీటరుకు లక్ష అని లెక్క. ఆ చుక్కలన్నీ ఒకే రంగులో, ఒకే తీరులో ఉంటే ఒకే క్రిమి అన్నమాట. మూడు నాలుగు రకాలు కలగలిసి ఉంటే అది చర్మం మీదినుంచి, యోని స్రావం నుంచి వచ్చి పడినదని భావించి మళ్ళీ నమూనా పంపమంటాము. బత్తాయితోట గారి కోడలికి బహుశా అదే జరిగి ఉంటుంది.

డిండివాగు గారూ, నాకు రెండు విషయాలు కావాలి. నమూనా ఎక్కడ పట్టారు? పట్టిన ఎంతసేపటికి ల్యాబ్‌కు చేరింది? ఇంట్లో పట్టి, ఎండలో మోటారు సైకిల్ మీద మూడు గంటలు తెచ్చిన సీసా అయితే నేను ఆ లెక్కను నమ్మను. ఆ వేడికి ఈ.కొలై అరగంటకొకసారి రెట్టింపు అయినా, బయలుదేరేటప్పుడు రెండు వేలు ఉన్నది ల్యాబ్‌కు చేరేసరికి లక్ష దాటుతుంది.

డిండివాగు

నమూనా ల్యాబ్‌లోనే ఇచ్చింది. అక్కడి నర్సు మూత సీలు తీయని కొత్త డబ్బా ఇచ్చి, ముందు నీళ్ళతో కడుక్కొని, మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టమని చెప్పిందట. పట్టిన వెంటనే కిటికీలో ఇచ్చి వచ్చిందట. రిపోర్టులో ఈ.కొలై తప్ప ఇంకో పేరు లేదు. అయితే నాకు అర్థం కానిది ఒకటే. సీయూఈలో చీము కణాలు లేవు, నైట్రైట్ లేదు. ఒకే మూత్రానికి రెండు పరీక్షలు రెండు రకాలుగా ఎలా చెబుతాయి?

సూక్ష్మదర్శిని

అలా పట్టిన నమూనాలో ఒకే క్రిమి లక్షకు పైగా వచ్చిందంటే నేను దాన్ని నమ్ముతాను.

మీ రెండో ప్రశ్నకు సమాధానం. నైట్రైట్ అనేది క్రిమి తానుగా మోసుకొచ్చేది కాదు. మూత్రంలో మామూలుగానే ఉండే నైట్రేట్‌ను క్రిమి మూత్రాశయంలో కొన్ని గంటలపాటు మారిస్తే తయారవుతుంది. దానికి సుమారు నాలుగు గంటలైనా కావాలి. గర్భిణి గంటకొకసారి, గంటన్నరకొకసారి వెళ్తుంది, ఇక ఆ పని జరిగే సమయమెక్కడిది? కొన్ని రకాల క్రిములైతే అసలు నైట్రైట్‌ను తయారుచేయనే చేయవు. చీము కణాలు క్రిమి మీదికి శరీరం పోరుకు దిగినప్పుడు వస్తాయి. బాధ లేకుండా క్రిమి ఉన్నవారిలో ఆ పోరు అంతగా మొదలై ఉండదు, అందుకే కణాలు తక్కువగా ఉంటాయి. ఇలాంటి వారిలో, మూత్రంలో ముంచి రంగు చూసే పట్టీ పరీక్ష సుమారు సగం మందిని వదిలేస్తుంది. దీనికి తలకిందులుగా, చీము కణాలు పది పన్నెండు ఉండి కల్చర్‌లో ఏమీ పెరగని గర్భిణులు కూడా మాకు తరచుగా కనిపిస్తారు. తెల్లబట్ట అవుతున్నవారి నమూనాలో ఆ కణాలు పడతాయి. అటువంటి సీయూఈ కాగితం ఒక్కటే చూసి యాంటీబయాటిక్ రాయడం మన దగ్గర చాలా ఎక్కువ.

తెల్లకోటు

నేను స్త్రీ వైద్య నిపుణురాలిని, నల్లగొండ జిల్లాలోనే పనిచేస్తాను. మీ భార్యను నేను చూడలేదు కాబట్టి మీ డాక్టరమ్మ మాటే మీకు ప్రమాణం. కానీ ఆమె రాసిన చీటీలో నాకు వంక పెట్టవలసినది కనిపించలేదు.

మీ అమ్మగారి ప్రశ్న సరైనదే. ఇదే రిపోర్టు గర్భిణి కాని, ఆరోగ్యంగా ఉన్న స్త్రీకి వచ్చి, ఏ బాధా లేకపోతే నేను కూడా మందు రాయను. గర్భంలో మాత్రం రాస్తాను. మూత్రపిండాల నుంచి మూత్రాశయానికి దిగే రెండు నాళాల గోడలు ప్రొజెస్టెరాన్ ప్రభావంతో సడలిపోతాయి. పెరుగుతున్న గర్భసంచి సాధారణంగా కుడివైపుకు కొంత ఒరుగుతుంది కనుక ఆ వైపు నాళం ఎక్కువగా నొక్కుకుపోతుంది. అప్పుడు పైనుంచి కిందికి చకచకా దిగవలసిన మూత్రం మధ్యలో నిలుస్తుంది, మూత్రాశయంలో ఊరికే కూర్చున్న క్రిమికి పైకి పోయే దారి తెరుచుకుంటుంది. మందు వాడకుండా వదిలేసినవారిలో నూటికి 20 నుంచి 35 మందికి తర్వాతి నెలల్లో మూత్రపిండానికి ఇన్ఫెక్షన్ పాకిందని, మందు వాడినవారిలో అది నూటికి 1 నుంచి 4కు తగ్గిందని పాత అధ్యయనాలు చూపాయి. మూత్రపిండానికి పాకిన తర్వాత వచ్చేది చలిజ్వరం, వాంతులు, నడుము పక్క నొప్పి. ఒక్కోసారి నెలలు నిండకుండానే నొప్పులు మొదలవుతాయి, రక్తంలోకి క్రిమి చేరి తల్లి ప్రాణానికే ముప్పు వస్తుంది. అంతదాకా రానివ్వకుండా 12 నుంచి 16 వారాల మధ్య ఒక్క కల్చర్ చేయడమే ఈ పరీక్ష ఉద్దేశం.

ఇక మందు. మీ రిపోర్టులో ఎస్ అని ఉన్నవి నాలుగు. పళ్ళెంలో ఆ క్రిమి ఆ మందుకు లొంగుతుందని మాత్రమే ల్యాబ్ చెబుతుంది, గర్భిణికి అది సురక్షితమా కాదా అన్నది ల్యాబ్ పని కాదు. అమికాసిన్ ఇంజెక్షను మందు, శిశువు వినికిడికి హాని కలగవచ్చునన్న భయం ఉంది, గత్యంతరం లేనప్పుడే దాని జోలికి పోతాము. మెరోపెనెమ్ రక్తంలోకి ఎక్కించే మందు, ప్రాణాపాయంలో వాడడానికి దాచుకోవలసినది. మిగిలినవి నైట్రోఫ్యూరంటోయిన్, ఫాస్ఫోమైసిన్ రెండే. క్రిమి లొంగి ఉంటే సెఫలెక్సిన్ వంటి మందు కూడా గర్భంలో చక్కగా వాడవచ్చు, కానీ మీ రిపోర్టులో సెఫ్ట్రియాక్సోన్‌కే లొంగలేదు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

నార్‌ఫ్లాక్సాసిన్ మాత్రం వద్దు. అది సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబానిదే. ఎదిగే మృదులాస్థిని దెబ్బతీస్తుందని జంతువుల మీది ప్రయోగాల్లో తేలినందువల్ల గర్భంలో ఆ కుటుంబాన్ని పక్కన పెడతాము. ఆ మాట అటుంచినా, మీ క్రిమి సిప్రోకు లొంగలేదు, నార్‌ఫ్లాక్స్‌కు లొంగుతుందని ఆశించడంలో అర్థం లేదు. కోట్రైమాక్సజోల్ మొదటి మూడు నెలల్లో ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడుతుంది, చివరి వారాల్లో వాడితే పుట్టిన బిడ్డకు కామెర్లు ముదిరే ప్రమాదముంది. డాక్సీసైక్లిన్ బిడ్డ పళ్ళకు, ఎముకలకు మంచిది కాదు.

మందులషాపు

నాది మిర్యాలగూడలో మందుల దుకాణం, బీఫార్మసీ చదివాను. ఒక సంగతి చెప్పాలి, దీన్ని మా వృత్తివాళ్ళే పట్టించుకోరు. నైట్రోఫ్యూరంటోయిన్ ఆమ్ల గుణం ఉన్న మూత్రంలో బాగా పనిచేస్తుంది. సిట్రేట్ సిరప్ చేసే పని మూత్రాన్ని క్షారంగా మార్చడం. రెండింటినీ ఒకే సంచిలో పెట్టి ఇవ్వడం అలవాటైపోయింది, మీకు ఇచ్చినదీ అదే. మంట ఉన్నవారికి ఉపశమనం కోసం ఇస్తారంటే ఒక మాట. మీ ఇంట్లో మనిషికి మంటే లేదు, ఇక ఆ సీసా దేనికి?

ఇంకొకటి, అట్ట మీద ఎస్‌ఆర్ అని ఉందా చూడండి. మెల్లగా కరిగే రకమైతేనే రోజుకు రెండుసార్లు సరిపోతుంది, దాన్ని విరిచి గానీ నలిపి గానీ వేసుకోకూడదు. మామూలు రకమైతే 50 లేదా 100 మిల్లీగ్రాములు రోజుకు నాలుగుసార్లు పడుతుంది. అన్నం తిన్న వెంటనే వేసుకుంటే వికారం తగ్గుతుంది, మందు ఒంటికి పట్టడం కూడా మెరుగవుతుంది. మెగ్నీషియం ట్రైసిలికేట్ ఉన్న గ్యాస్ మందును దీనితో కలపవద్దు. మూత్రం ముదురు పసుపుగా, గోధుమ రంగుగా వస్తుంది. దాన్ని చూసి రక్తమనుకొని మూడో రోజే మానేసినవారు మా దగ్గరికి వచ్చి మిగిలిన గోలీలు వాపసు తీసుకోమంటారు.

బత్తాయితోట

సిరప్ గురించి మీరు చెప్పినది నాకు కొత్త. మా ఇంట్లో ముప్పై ఏళ్ళుగా అది లేని వేసవి లేదు, మంటకు పనిచేస్తుంది కూడా. అది వేస్తే ఈ గోలీ బొత్తిగా పనిచేయదని అంటున్నారా?

తెల్లకోటు

బొత్తిగా పనిచేయదని నేను అనను. సిరప్ తోడైనందువల్ల ఇంతమందికి మందు విఫలమైందని చూపే గట్టి ఆధారమేదీ నా ఎరుకలో లేదు, ప్రయోగశాలలో కనిపించే తేడా మాత్రం ఉంది. అవసరం లేని చోట ఎందుకు కలపాలన్నదే నా మాట కూడా. నీళ్ళు, మజ్జిగ బాగా తాగడం మంచిదే, అందులో మీతో నాకు తగాదా లేదు. కాకపోతే గర్భంలో కల్చర్ పాజిటివ్ వచ్చాక వాటితోనే సరిపెట్టుకోకూడదు.

నైట్రోఫ్యూరంటోయిన్‌కు హద్దులు కూడా చెబుతాను. మొదటి 12 వారాల్లో వేరే సురక్షితమైన మందుకు క్రిమి లొంగితే నేను దానివైపే మొగ్గుతాను, లొంగకపోతే దీన్నే వాడతాను. మీది 15వ వారం కాబట్టి ఆ సందేహం లేదు. 37వ వారం దగ్గరపడినప్పుడు ఆపేస్తాము, ఎందుకంటే అప్పుడే పుట్టిన బిడ్డ ఎర్ర రక్తకణాలు దీన్ని తట్టుకోలేక చితికిపోయే అవకాశముంది. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న తల్లికి ఎప్పుడూ ఇవ్వకూడదు. మీ వాళ్ళలో ఎవరికైనా ఏదో మందు వాడాక కామెర్లు వచ్చి మూత్రం నల్లగా అయిన చరిత్ర ఉంటే మొదలుపెట్టే ముందే మీ డాక్టరమ్మకు చెప్పండి.

జడ్చర్ల కోడలు

మేడమ్, నాకూ ఇదే మందు ఐదో నెలలో మూత్రంలో మంట ఉందని రాశారు, నాలుగు రోజులు వాడి తగ్గిందని ఆపేశాను, ఇంకా ఆరు గోలీలు ఉన్నాయి. ఇప్పుడు నాకు 32వ వారం. రాత్రి నుంచి చలి పెట్టి జ్వరం 102 వచ్చింది, కుడివైపు పక్కటెముకల కింద వెనకకు నొప్పిగా ఉంది, రెండుసార్లు వాంతి అయింది. ఆ మిగిలిన గోలీలు మొదలుపెట్టవచ్చా? పారాసిటమాల్ వేసుకుంటే కొంచెం తగ్గింది.

తెల్లకోటు

వద్దమ్మా. ఇది ఇక్కడ అడిగి ఆగే విషయం కాదు, ఇప్పుడే కాన్పుల వైద్యులున్న ఆసుపత్రికి వెళ్ళు. బండి దొరకకపోతే 108కి ఫోన్ చెయ్యి. ఆ గోలీ మూత్రాశయంలోనే పనిచేస్తుంది, రక్తంలోనూ మూత్రపిండం కండలోనూ చాలినంత చేరదు. నీకున్న లక్షణాలు మూత్రపిండానికి పాకిన ఇన్ఫెక్షన్‌లా ఉన్నాయి. అక్కడ మూత్రం కల్చర్‌కు తీసుకొని, దాని ఫలితం కోసం ఆగకుండా రక్తంలోకి సెఫ్ట్రియాక్సోన్ వంటి మందు మొదలుపెడతారు, సెలైన్ ఎక్కిస్తారు, బిడ్డ గుండె చప్పుడు, నొప్పులు చూస్తారు. పారాసిటమాల్‌తో జ్వరం దిగిందని ఇంట్లో ఉండిపోవద్దు. పొట్ట గట్టిపడి వదులుతున్నా, నీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా వెళ్ళగానే ఆ మాట ముందు చెప్పు.

ఉపకేంద్రం

నేను అచ్చంపేట వైపు ఏఎన్‌ఎంను. ఈ చర్చ చదువుతుంటే మా పరిస్థితి కూడా చెప్పాలనిపించింది. మా దగ్గర గర్భిణికి ప్రతిసారీ మూత్ర పరీక్ష చేస్తాము, కార్డులో రాస్తాము. కానీ ఆ పట్టీ చూపేది అల్బుమిన్, చక్కెర మాత్రమే, క్రిమి సంగతి అది చెప్పదు. కార్డులో "మూత్రం నార్మల్" అని ఉంటే ఇంటివాళ్ళు, ఒక్కోసారి డాక్టర్లు కూడా, ఇన్ఫెక్షన్ లేదని అనుకుంటారు. నెల నెలా 9వ తేదీన పెద్ద డాక్టరు చూసే రోజు కొందరికి కల్చర్ రాసిస్తారు, కానీ నమూనా నాగర్‌కర్నూల్ చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. టీకాల ఐస్ డబ్బాలో నమూనాలు పెట్టడానికి వీల్లేదు. చాలామంది ఇంటి నుంచి మందు సీసాలోనో, నీళ్ళ సీసాలోనో పట్టి తెస్తారు. పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్ళు పొద్దున పోతే సాయంత్రం దాకా మరుగు దొరక్క ఆపుకుంటారు, నీళ్ళు కూడా తాగరు. మాలాంటి చోట ఏమి చేయవచ్చో సూక్ష్మదర్శిని గారు చెబితే మేలు.

సూక్ష్మదర్శిని

మీరు చెప్పిన కార్డు సంగతి చాలా ముఖ్యమైనది, ఆ పట్టీ పరీక్ష గుర్రపువాతాన్ని, చక్కెర వ్యాధిని పట్టడానికి పెట్టినది.

దూరం గురించి అయితే, నమూనా రెండు గంటల్లో చేరకపోతే ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచి 24 గంటల్లోపు పంపవచ్చు. టీకాలది కాకుండా వేరే ఐస్ డబ్బా ఒకటి పెట్టుకుంటే దారిలో కూడా చల్లగా ఉంటుంది. బోరిక్ ఆసిడ్ వేసిన గొట్టాలు దొరికితే చల్లదనం లేకపోయినా ఒక రోజు ఆగుతాయి, కానీ అందులో గీత దాకా మూత్రం నింపాలి. తక్కువ పోస్తే ఆ రసాయనం గాఢమై క్రిమినే చంపేస్తుంది, మాకు ఏమీ పెరగనట్టు వస్తుంది.

కల్చర్ అసలు కుదరని చోట, తెమడ చూసే మైక్రోస్కోపు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉంటే గ్రామ్ స్టెయిన్ చేయవచ్చు. మూత్రాన్ని సెంట్రిఫ్యూజ్ యంత్రంలో తిప్పకుండా ఒక చుక్క గాజు పలక మీద ఆరబెట్టి రంగు వేసి నూనె లెన్సు కింద చూస్తారు. ఒక్కో చూపుకు ఒక క్రిమి అయినా కనిపిస్తే మిల్లీలీటరుకు లక్ష ఉన్నట్టు లెక్కిస్తారు. కల్చర్ లేని చోట పట్టీ పరీక్ష కంటే దీన్నే వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూచించింది. కానీ ఏ మందుకు లొంగుతుందో ఇది చెప్పదు, ఈ రోజుల్లో మనకు అసలు చిక్కు అక్కడే.

అనుమానం

నేను ప్రజారోగ్యం చదువుతున్నాను. తెల్లకోటు గారు చెప్పిన 20 నుంచి 35 అనే లెక్క చాలావరకు 1960ల నాటి అధ్యయనాలది. 2015లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన అధ్యయనంలో క్రిమి ఉన్నా మందు వాడని గర్భిణుల్లో మూత్రపిండ ఇన్ఫెక్షన్ వచ్చినవారు నూటికి 2.4 మాత్రమే, క్రిమి లేనివారిలో అది 0.6. నెలలు నిండని కాన్పులకు సంబంధమూ కనబడలేదు. అమెరికాలో నివారణ పరీక్షలను తూచే నిపుణుల బృందం కూడా 2019లో ఈ పరీక్షకు ఇచ్చిన శ్రేణిని ఏ నుంచి బీకి దించింది. అలాంటప్పుడు ప్రతి గర్భిణికీ కల్చర్, ప్రతి పాజిటివ్‌కూ యాంటీబయాటిక్ అంటే, మందులకు లొంగని క్రిములను మనమే పెంచినట్టు కాదా?

తెల్లకోటు

ఆ అధ్యయనాన్ని నేనూ చదివాను, మీ అంకెలు సరైనవే. శ్రేణి దించినా చేయవద్దని మాత్రం వారు అనలేదు. నెదర్లాండ్స్‌లో పరీక్షించినది ఒకే బిడ్డను మోస్తున్న, చక్కెర వ్యాధి వంటివి లేని, ముప్పు తక్కువగా ఉన్న స్త్రీలను. అందులో క్రిమి దొరికినవారి సంఖ్య పెద్దది కాదు. అచ్చంపేట ఏఎన్‌ఎం గారు వర్ణించిన, పొద్దంతా మూత్రం ఆపుకొని పత్తి ఏరే స్త్రీకి, ఒంట్లో రక్తం తక్కువై జ్వరం వస్తే ఆసుపత్రికి చేరడానికి పూట పట్టే స్త్రీకి ఆ 2.4 వర్తిస్తుందని నేను ధైర్యంగా చెప్పలేను. వర్తించదని రుజువు చేయడానికి మన దగ్గర అంత పెద్ద అధ్యయనమూ లేదు. యాంటీబయాటిక్ దుర్వినియోగం విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను. అయితే అది కల్చర్ చేసి 7 రోజులు ఒక్క మందు ఇచ్చినచోట కంటే, చీము కణాలు చూసి కల్చర్ లేకుండా సెఫిక్సిమ్ ఇచ్చేచోటనే ఎక్కువగా జరుగుతోంది.

అనుమానం

యాంటీబయాటిక్ దుర్వినియోగం గురించి మీరన్నదానికి నాకు అభ్యంతరం లేదు. ముప్పు గురించి అన్నదానికి ఉంది. మన దగ్గర ముప్పు ఎక్కువని అనుకోవడం సబబే, కానీ ఎంత ఎక్కువో తెలియకుండా అందరికీ పరీక్ష అనడం నాకు మింగుడు పడదు.

జడ్చర్ల కోడలు

మేడమ్, ఆ రోజే మహబూబ్‌నగర్‌లో చేర్చారు. సెఫ్ట్రియాక్సోన్ రోజుకు ఒకటి ఇచ్చారు. మొదటి రోజు పొట్ట గట్టిపడింది, మందులతో తగ్గింది. రెండో రోజు రాత్రి నుంచి జ్వరం లేదు. కల్చర్‌లో ఈ.కొలై వచ్చింది, సెఫలెక్సిన్‌కు లొంగుతుందట, అందువల్ల గోలీలకు మార్చి అన్నీ కలిపి 14 రోజులు వాడమన్నారు. ఆ తర్వాత కాన్పు దాకా రోజూ రాత్రి ఒక గోలీ వేసుకోవాలన్నారు. మళ్ళీ నైట్రోఫ్యూరంటోయిన్ రాసిస్తే 37వ వారంలో ఏమి చేయాలి?

తెల్లకోటు

మంచి మాట చెప్పావు. ఆ సమయానికి రాత్రి గోలీని సెఫలెక్సిన్ 250 మిల్లీగ్రాములకు మార్చమని నేనైతే నా పేషెంట్లకు చెబుతాను, నీ క్రిమి దానికి లొంగుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. మీ డాక్టరును 36వ వారంలోనే అడుగు. ఐదో నెలలో మందు ముగిశాక మళ్ళీ కల్చర్ చేశారా?

జడ్చర్ల కోడలు

లేదు మేడమ్. మంట తగ్గింది కదా అని నేనూ పోలేదు.

డిండివాగు

అందరికీ కృతజ్ఞతలు. సిరప్ పక్కన పెట్టి గోలీలు 7 రోజులూ పూర్తిచేశాము. అట్ట మీద ఎస్‌ఆర్ అని ఉంది. మొదటి రెండు రోజులు కొంత వికారం ఉండేది, పెరుగన్నం తిన్నాక వేసుకుంటే తగ్గింది. మూత్రం రంగు మారినప్పుడు ముందే తెలిసి ఉండడంతో భయపడలేదు. జడ్చర్ల చెల్లెలి సంగతి చదివి వినిపించిన తర్వాత అమ్మ తానే గుర్తుచేసి వేయించింది. మందు ముగిసి వారం దాటాక మళ్ళీ నల్లగొండ వెళ్ళి అదే ల్యాబ్‌లో నమూనా ఇచ్చాము, ఈసారి ఏమీ పెరగలేదని వచ్చింది. ఇక కాన్పు దాకా కల్చర్ ఎన్నిసార్లు చేయించాలి?

సూక్ష్మదర్శిని

ఒకసారి పాజిటివ్ వచ్చినవారి నమూనాలు మాకు కొందరు డాక్టర్లు నెలకొకటి పంపుతారు, కొందరు ఆరో నెలలో ఒకటి, ఎనిమిదో నెలలో ఒకటి పంపుతారు. ఏది మేలో తేల్చిన లెక్క నేను చూడలేదు.

తెల్లకోటు

నేను నెలకొకటి చేయిస్తాను, ఎందుకంటే మందు వాడినవారిలో కొందరికి మళ్ళీ వస్తుంది. మా ఆసుపత్రిలోనే మరో డాక్టరమ్మ మూడు నెలలకొకసారి చాలంటారు. నెల నెలా రాకపోకలు, ఖర్చు మీకు భారమైతే కనీసం 28వ వారంలో ఒకటి చేయించండి. ఈలోగా చలిజ్వరం గానీ పక్క నొప్పి గానీ వస్తే తేదీ కోసం ఆగవద్దు.

ఉపకేంద్రం

సూక్ష్మదర్శిని గారూ, ఆ బోరిక్ ఆసిడ్ గొట్టాలు మా మెడికల్ ఆఫీసరు గారు ఇండెంట్ పెట్టి తెప్పించుకోవచ్చునా, లేక మీ ల్యాబ్ నుంచే ఇస్తారా?